గడ్డి మాగే 21 రోజులు

అందరికీ నమస్కారం. సాయంత్రం పాలు తీసే వేళకు మీరంతా ఇళ్లకు చేరాలి. కాబట్టి వేదిక మీది పెద్దలు మన్నించాలి, నేరుగా గడ్డి దగ్గరికే వస్తున్నాను.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. ఉన్న పీచును కూడా లిగ్నిన్ అనే గట్టి పదార్థం బిగించి పట్టుకుంటుంది. అందుకే గేదె ఎంత నమిలినా ఒంటికి పట్టేది తక్కువ. యూరియా నీళ్లు చల్లి గాలి ఆడకుండా మూస్తే, గడ్డి మీదుండే సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఆ అమ్మోనియా పీచులోకి దిగి బిగువు సడలిస్తుంది. గడ్డిని మార్చేది అదే.

రెండు గేదెలున్న ఇల్లు అనుకోండి. ఒక్కోదానికి రోజుకు 5 కిలోల చొప్పున, 5 క్వింటాళ్ల గడ్డి 50 రోజులు వస్తుంది. దానికి 20 కిలోల యూరియా, 250 లీటర్ల నీళ్లు కావాలి. అంతా ఒకేసారి కలపకండి. ఎత్తైన చోట పట్టా పరిచి క్వింటా గడ్డి పేర్చండి. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆ వరస మీద సమానంగా చల్లండి. బాగా తొక్కండి. ఇలా ఐదు వరసలు. తొక్కుడు సరిగా లేకపోతే లోపల గాలి నిలిచి బూజు పడుతుంది. నీళ్లు తగ్గిస్తే యూరియా విడదు. చివరికి పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి 21 రోజులు వదిలేయండి.

ఇప్పుడు నన్ను బాధపెట్టే సంగతి చెప్పాలి. కొందరు పొద్దున యూరియా నీళ్లు చల్లి, మధ్యాహ్నమే గాడిలో వేస్తున్నారు. అయ్యా, అమ్మా, దయచేసి అలా చేయకండి! అప్పటికి గడ్డి ఏమీ మారదు, యూరియా మాత్రం యూరియాగానే పశువు కడుపులోకి పోతుంది. కడుపు ఉబ్బుతుంది, ఒళ్లు వణుకుతుంది, నోటి వెంట నురగ వస్తుంది, గంటల్లోనే ప్రాణం పోవచ్చు. కలిపిన బకెట్ పశువుకు అందేచోట పెట్టినా అంతే. అలాంటి లక్షణం కనబడితే క్షణం ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవండి. మూత మధ్యలో ఎత్తి చూసినా నష్టమే, అమ్మోనియా కాస్తా పోతుంది.

21 రోజుల తర్వాత ఒక పక్కనే తెరవండి. గడ్డి ముదురు పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి, ఘాటు వాసన కొట్టాలి. ఘాటు లేదంటే పట్టా ఎక్కడో చిరిగిందన్నమాట. ఆ రోజుకు కావలసింది తీసి, గంటసేపు ఆరబెట్టి వేయండి, మళ్లీ మూసేయండి. కొంత అమ్మోనియా ఎగిరిపోయినా మాంసకృత్తులు 7 శాతం దాకా లెక్కకొస్తాయి. మొదటి వారం మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేయండి. పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం మానకూడదు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వద్దు, వాటి కడుపు ఇంకా దానికి సిద్ధం కాదు.

వానకు తడిసి నల్లబడిన గడ్డిని కూడా ఇలా బాగుచేయొచ్చా అని చాలామంది అడుగుతారు. బూజు పట్టిన గడ్డిని యూరియా బాగుచేయదు. దాన్ని పేడకుప్పలో వేయండి.