సీసాలో మబ్బు చేద్దాం, భూమి వేడి లెక్క చూద్దాం

నమస్తే! హనుమకొండలో మా డాబా మీద ఉన్నాను. ఇవాళ మబ్బు చేద్దాం. ఒక ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసా, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు, ఒక అగర్‌బత్తి ఉంటే చాలు.

సీసాలో నీళ్లు పోసి, మూత బిగించి బాగా ఊపాను. ఇప్పుడు గట్టిగా నొక్కి, ఒక్కసారిగా వదిలేస్తున్నా. లోపలి గాలి సాగి చల్లబడింది కాబట్టి ఆవిరి చుక్కలు కట్టాలి. కానీ దాదాపు ఏమీ కనిపించట్లేదు కదా? ఆవిరి చుక్క కట్టాలంటే పట్టుకోవడానికి ఏదో ఒక రేణువు ఉండాలి. మీకు పలచగా పొగమంచు కనిపిస్తే, అది గది గాలిలోని దుమ్ము పని.

ఇప్పుడు మూత తీసి సీసాను కొంచెం నొక్కి, ఆర్పిన అగర్‌బత్తి పొగను మూతి దగ్గర పెట్టి వదులుతున్నా. పొగ లోపలికి పోయింది. మూత పెట్టి మళ్లీ నొక్కి వదిలితే... తెల్లటి మబ్బు! ఇది పొగే కదా అని అనుమానమా? మళ్లీ నొక్కండి. మబ్బయితే మాయమవుతుంది, పొగ మాత్రం అలాగే ఉంటుంది. పొగ ఎక్కువ పట్టిస్తే ఈ తేడా తెలియదు. నా మొదటి మూడు ప్రయత్నాలు అలాగే పాడయ్యాయి.

ఇక ఈ పటికబెల్లం ముక్క చూడండి, వెలుతురు ఇందులోంచి దూరిపోతోంది. దంచితే తెల్లటి పొడి అయింది. పదార్థం అదే, కానీ ముక్కలు పెరిగాయి, వెలుతురు తిరిగి వెనక్కి వస్తోంది. మబ్బులోనూ ఇంతే. అదే నీళ్లు 8 రెట్లు ఎక్కువ చుక్కలుగా చీలితే ఒక్కో చుక్క సైజు సగమవుతుంది, మొత్తం ఉపరితలం రెట్టింపు అవుతుంది. మబ్బు ఇంకా తెల్లగా మెరుస్తుంది.

రామగుండంలో బొగ్గు కాలుస్తారు కదా. బొగ్గులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికొచ్చి, గాలిలో సల్ఫేట్ రేణువులవుతుంది. అవి నేరుగా ఎండను వెనక్కి పంపుతాయి, మబ్బుకు విత్తనాలూ అవుతాయి. మసి సంగతి వేరు, అది ఎండను పీల్చుకుని వేడెక్కిస్తుంది. అన్నీ కలిపితే మాత్రం చల్లదనమే ఎక్కువ.

ఎంత? వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021లో ఇచ్చిన అంచనాలో గ్రీన్‌హౌస్ వాయువుల వేడి సుమారు 1.5 డిగ్రీలు. రేణువుల వల్ల సుమారు 0.4 తగ్గి, భూమి నిజంగా వేడెక్కింది సుమారు 1.1. ఆ 0.4 మీద గట్టి నమ్మకం పెట్టుకోకండి, అది సున్నా నుంచి 0.8 దాకా ఎంతైనా కావచ్చు. మబ్బుల లెక్క అంత మొండిది.

అసలు చిక్కు ఆయుష్షులో ఉంది. రేణువులు వారం పది రోజుల్లో వానకు కడుక్కుపోతాయి, కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలుంటుంది. 2020లో ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5కి తగ్గించారు. ఓడల వెనక సముద్రం మీద గీతల్లా కనిపించే తెల్లటి మబ్బులు ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో బాగా తగ్గిపోయాయి. గంధకం తగ్గడం ఊపిరితిత్తులకు మేలే. కానీ ఆ ఓడల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పైనే ఉంది.