షిఫ్టులు మార్చుకుంటే గంటలు ఎవరి ఖాతాలో?

అందరికీ నమస్కారం. కార్యక్రమాలకు వాలంటీర్ల షిఫ్టులు వేసి, వాళ్ల గంటలు లెక్కపెట్టేవాళ్ల కోసం ఇది. ముందు పేర్ల నమోదు గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఫారంలో "ఎప్పుడు రాగలరు" అని అడిగితే అందరూ సాయంత్రం ప్రధాన కార్యక్రమానికే టిక్ పెడతారు. "ఎప్పుడు అస్సలు రాలేరు" అని అడగండి, మిగతా టైములో ఎక్కడ వెయ్యాలో మీరు చూసుకోవచ్చు.

అసలు తలనొప్పి షిఫ్టుల మార్పిడితో. శనివారం సాయంత్రం 6 నుంచి 10 దాకా గేటు దగ్గర ఒకమ్మాయి ఉంది అనుకుందాం, ఆదివారం ఉదయం 9 నుంచి 1 దాకా సమాచార కౌంటర్‌లో ఒకబ్బాయి. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని మార్చుకున్నారు. నాలుగు గంటలకు నాలుగు గంటలు, లెక్క సరిపోయింది కదా అంటారు. కానీ ఆ అబ్బాయికి శనివారం రాత్రి 10 నుంచి 2 దాకా పార్కింగ్ షిఫ్టు కూడా ఉంది. అతని మొత్తం గంటలు ముందూ ఎనిమిదే, తర్వాతా ఎనిమిదే, కాకపోతే ఇప్పుడు ఆ ఎనిమిదీ ఒకే ఊపులో నిలబడాలి. మొత్తాల కాలమ్ చూస్తే ఇది జన్మలో కనపడదు, ఒక షిఫ్టు ముగింపుకీ తర్వాతి దాని మొదలుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి.

ఇంకో చిక్కు, సగం మార్పిడి. అబ్బాయి శనివారం వచ్చేశాడు, ఆదివారం అమ్మాయి రాలేదు, "నేను ఖాయంగా ఒప్పుకోలేదు" అంది. అందుకే మార్పిడిని ఒకటిగా కాకుండా రెండు అప్పగింతలుగా రాసుకోవాలి. ఒక్కోదానికీ తీసుకునేవాళ్లు సరేనని చెప్పాలి, మీరు జాబితాలో పేరు మార్చాలి, అప్పటిదాకా ఆ షిఫ్టు పాత మనిషిదే. ఈ రూల్ మొదటి రోజే చెప్పకపోతే తర్వాత ఎవరూ వినరు, నిజంగా.

గంటల లెక్క మాత్రం జాబితా చూసి వెయ్యొద్దు. జాబితా ఎవరు రావాలో చెప్తుంది, ఎవరు వచ్చారో చెప్పదు. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ టైము వేసి సంతకం పెట్టిన కాగితమే లెక్కకు ఆధారం. వెళ్లేటప్పటి సంతకాన్ని చాలామంది మర్చిపోతారు కాబట్టి, షిఫ్టు చేతులు మారేటప్పుడు కొత్తగా వచ్చినవాళ్లే పాతవాళ్ల చేత పెట్టించాలి.

ఇక అర్ధరాత్రి దాటే షిఫ్టు. 22:00కి మొదలై 2:00కి ముగిసే షిఫ్టుకు స్ప్రెడ్‌షీట్‌లో ముగింపులోంచి మొదలును మామూలుగా తీసివేస్తే మైనస్ వస్తుంది, కొన్నిచోట్ల గడి నిండా #### కనపడుతుంది. మొదలు A2లో, ముగింపు B2లో ఉంటే ఇలా రాయండి:

```
=MOD(B2-A2,1)*24
```

గడి ఫార్మాట్ మామూలు నంబర్‌గా ఉండాలి, అప్పుడు 4 వస్తుంది. ఈ సూత్రం 24 గంటల లోపు షిఫ్టులకే పనిచేస్తుంది, మీరు అంతకంటే పెద్ద షిఫ్టు వేస్తుంటే మాత్రం వేరే చోట మాట్లాడుకుందాం.