హేరోదు చనిపోయిన నెల ఎలా తెలిసింది: ఒక చంద్రగ్రహణం, ఒక తోకచుక్క

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక్క రాజు గురించే మాట్లాడతాను, యూదయ రాజు హేరోదు. ఆయన చరిత్ర రాసినవాడు జోసీఫస్, అదీ హేరోదు పోయిన చాలా ఏళ్ల తర్వాత. ఆయన రాసిన దాంట్లో ఒక చిన్న వాక్యం ఉంది, చదువుతూ పోతే కంటికి కూడా ఆనదు. దాని మీదే వందేళ్లకు పైగా వాదన నడుస్తోంది.

కథేంటంటే హేరోదు యెరూషలేము దేవాలయం పెద్ద ద్వారం మీద ఒక బంగారు గద్ద బొమ్మ పెట్టించాడు. అది ధర్మశాస్త్రానికి విరుద్ధం అని మత్తియ, యూదా అనే ఇద్దరు బోధకులు కుర్రాళ్లకి చెప్పారు. రాజు చావు బతుకుల్లో ఉన్నాడని వినగానే ఆ కుర్రాళ్లు పట్టపగలే గొడ్డళ్లతో దాన్ని నరికేశారు. రాజు మాత్రం ఇంకా బతికే ఉన్నాడు, మత్తియనీ కొందరినీ ప్రాణాలతోనే తగలబెట్టించాడు. అప్పుడు జోసీఫస్ అంటాడు, ఆ రాత్రే చంద్రగ్రహణం పట్టింది అని. అంతే, ఇంకో ముక్క లేదు. ఎంత భాగం పట్టిందో చెప్పడు, ఏ జామున పట్టిందో చెప్పడు. తర్వాత రాజు జబ్బు ముదరడం, చనిపోవడం, ఆ తర్వాత యూదుల పస్కా పండగ రావడం, ఈ వరస మాత్రం చెప్తాడు.

ఇప్పుడు మనం చేయాల్సింది ఆ కాలంలో యెరూషలేము, యెరికో ప్రాంతం నుంచి కనపడే చంద్రగ్రహణాలు ఏంటో చూడటం. సూర్యగ్రహణం అయితే సన్నటి దారి వెంటే బాగా కనపడుతుంది, భూమి తిరిగే వేగం తగ్గిన లెక్క కాస్త తప్పితే ఆ దారి పక్కకి జరిగిపోతుంది. చంద్రగ్రహణానికి ఆ ఇబ్బంది తక్కువ, అప్పుడు రాత్రిగా ఉన్న భూమి సగం మొత్తానికీ కనపడుతుంది. అందుకే అభ్యర్థులు ఎక్కువవుతారు. మన కేసులో గట్టివి నాలుగు: క్రీ.పూ. 5 సెప్టెంబర్ 15, క్రీ.పూ. 4 మార్చి 13, క్రీ.పూ. 1 జనవరి 10, అదే సంవత్సరం డిసెంబర్ 29.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, కొత్తగా చూసేవాళ్లు తప్పకుండా పొరపాటు పడేది ఇక్కడే. ఖగోళ పట్టికల్లో సున్నా సంవత్సరం ఉంటుంది, చరిత్రలో ఉండదు. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. కాబట్టి పట్టికలో -0003 అని ఉంటే అది క్రీ.పూ. 4, క్రీ.పూ. 3 కాదు. ఈ ఒక్క ఏడాది తేడాతో మొత్తం వాదన తలకిందులైపోతుంది.

సరే, నాలుగు ఉన్నాయి, ఏది? గ్రహణమే చెప్పేస్తుంది అనుకుంటారు చాలామంది, కానీ చెప్పదు. జనవరి 10ది సంపూర్ణ గ్రహణం కాబట్టి అదే బాగుంది అంటారు కొందరు, మార్చి 13ది చంద్రుడిలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ పట్టింది, అదీ అర్ధరాత్రి దాటాక. కానీ జోసీఫస్ ఎంత పట్టిందో చెప్పలేదు కదా, పెద్దది అయితేనే రాస్తాడు అనేది మన ఊహ. నా అభిప్రాయం ఏంటంటే సంవత్సరాన్ని గ్రహణం దగ్గర వెతకకూడదు, హేరోదు కొడుకుల దగ్గర వెతకాలి.

ముగ్గురు కొడుకులు రాజ్యం పంచుకున్నారు. అర్కెలావుని రోమన్లు క్రీ.శ. 6లో తీసేశారు, అప్పటికి అతని పాలనలో పదో ఏడు నడుస్తోంది అంటాడు జోసీఫస్, వెనక్కి లెక్కేస్తే క్రీ.పూ. 4. ఫిలిప్పు 37 ఏళ్లు పాలించి తిబెరియ చక్రవర్తి 20వ ఏట చనిపోయాడు, అంటే క్రీ.శ. 33-34, వెనక్కి వెళ్తే మళ్లీ అక్కడికే. అంతిప సంగతి ఇంకా గట్టిది, ఎందుకంటే అతని నాణేల మీద 43వ సంవత్సరం అని ఉంది, అతన్ని పదవి నుంచి తీసేసింది క్రీ.శ. 39లో. క్రీ.పూ. 4 నుంచి లెక్కేస్తే 43వ ఏడు సరిగ్గా అక్కడికే వస్తుంది. పాలన క్రీ.పూ. 1లో మొదలైంది అంటే 43వ ఏడు వచ్చేసరికి అతను ప్రవాసానికి వెళ్లి దాదాపు మూడేళ్లు అయి ఉంటుంది, మరి ఆ నాణెం ఎవరు వేశారు?

క్రీ.పూ. 1 అనేవాళ్లు దీనికి జవాబు చెప్తారు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫిలిప్పు విషయంలో జోసీఫస్ పాత ప్రతులు కొన్నింట్లో 20కి బదులు 22 అని ఉంది అంటారు. కొడుకులు తండ్రి బతికి ఉండగానే తమ పాలన మొదలైనట్టు లెక్కేసుకున్నారు అంటారు. అసాధ్యం కాదు, కానీ ముగ్గురూ కలిసి ఒకే ఏడాదికి వెనక్కి జరుపుకున్నారు అని నమ్మాలి, దానికి విడిగా ఆధారం లేదు.

తోకచుక్క మాట కూడా చెప్తాను, ఎందుకంటే గ్రహణానికీ దానికీ తేడా ఈ కథలోనే కనపడుతుంది. హేరోదుకి రోమ్‌లో మంచి స్నేహితుడు, అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్ప, హేరోదు తన పెద్ద కొడుకు ఆంటిపాటర్‌ని ఇతని వెంటే రోమ్‌కి పంపాడు. అగ్రిప్ప క్రీ.పూ. 12 మార్చిలో చనిపోయాడు. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో ఆ చావు చుట్టూ జరిగిన శకునాలు చెప్తూ రోమ్ మీద చాలా రోజులు ఒక తోకచుక్క వేలాడింది అని రాశాడు. అది హేలీ తోకచుక్కే, చైనా వాళ్ల రికార్డుల్లో తేదీలతో సహా ఉంది, కానీ వాళ్లు దాన్ని చూడటం మొదలుపెట్టింది ఆగస్టు చివర్లో. అంటే చావుకీ చుక్కకీ ఐదు నెలల దూరం. సంవత్సరం సరిపోయింది, నెల సరిపోలేదు. గొప్పవాడు పోతే ఆకాశంలో ఏదో ఒకటి కనపడాలి అనే నమ్మకం వల్ల ఆ ఏడాది చుక్కని తెచ్చి ఆ చావు పక్కన పెట్టేశారు. జోసీఫస్ గ్రహణాన్ని రాజు చావు మీద పెట్టలేదు, మత్తియని తగలబెట్టిన రాత్రి మీద పెట్టాడు, శకునం అని ఒక్క మాట అనలేదు. నేను దాన్ని ఎక్కువగా నమ్మడానికి ఇదే కారణం.

ఇప్పుడు క్రీ.పూ. 4కి రండి. గ్రహణం మార్చి 13, పస్కా ఏప్రిల్ 11, మధ్యలో 29 రోజులు. ఇందులో ఎన్ని పట్టాలో చూడండి. రాజుని యొర్దాను దాటించి మృతసముద్రం తూర్పున కల్లిర్రోయే వేడినీటి బుగ్గలకి తీసుకెళ్లారు, తగ్గక యెరికోకి తెచ్చారు, దేశంలోని పెద్ద మనుషుల్ని అక్కడికి పిలిపించాడు, ఆంటిపాటర్‌ని చంపడానికి అనుమతిస్తూ రోమ్ నుంచి ఉత్తరం వచ్చింది, ఆంటిపాటర్‌ని చంపించిన ఐదు రోజులకి తను పోయాడు, హేరోదియంలో సమాధి చేశారు, ఏడు రోజులు సంతాపం, అదయ్యాకే పస్కా గొడవలు. ఇరుకే, కాదనను. ఇదే క్రీ.పూ. 1 వాళ్ల బలమైన పాయింట్, జనవరి 10 నుంచి పస్కాకి దాదాపు మూడు నెలలు దొరుకుతాయి కదా.

కానీ ఇరుకు అంటే అసాధ్యం కాదు. సంతాపానికి ఏడు, ఆంటిపాటర్ తర్వాత ఐదు, మొత్తం 12 తీసేయండి, ఇంకా 17 రోజులు ఉన్నాయి. యెరికో నుంచి ఆ బుగ్గలు రెండు మూడు రోజుల దారి, వైద్యులు అక్కడ ఎక్కువకాలం ఉంచినట్టు జోసీఫస్ చెప్పలేదు. రోమ్ ఉత్తరం కోసం మనుషుల్ని గ్రహణానికి ముందే పంపారు, వాళ్ల ప్రయాణం ఈ 29 రోజుల్లో లెక్క కాదు.

కాబట్టి సంవత్సరం కొడుకుల లెక్క ఇచ్చింది, గ్రహణం ఆ సంవత్సరంలో ఒక కిటికీ తెరిచింది. సంతాపం పస్కాకి ముందే ముగియాలి కాబట్టి హేరోదు ఏప్రిల్ మొదటి రోజులు దాటి బతికి ఉండడు, బుగ్గల ప్రయాణం ఉంది కాబట్టి మార్చి మూడో వారం కన్నా ముందు పోయి ఉండడు. ఆ రెంటి మధ్య ఓ రెండు వారాలు, అంతకన్నా సన్నగా కోయడానికి జోసీఫస్ మనకి ఏమీ మిగల్చలేదు.