నాలుగున్నర స్టార్ల లోపల ఏముంది? రెండు పవర్ బ్యాంకుల రివ్యూలపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఒకే పని చేసే రెండు వస్తువుల్లో ఒకదాన్ని ఎంచుకోవలసినప్పుడు మనలో చాలామంది ముందు స్టార్లను చూస్తాము, ఆ తరువాత పైన కనిపించే నాలుగు రివ్యూలు చదివి నిర్ణయానికి వస్తాము. ఆ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో తేల్చుకోవడానికి ఈ రోజు ఒక్క ఉదాహరణనే తీసుకుంటున్నాము. రెండు పవర్ బ్యాంకులు ఉన్నాయనుకుందాము. రెండింటి పెట్టెల మీదా 20,000 ఎంఏహెచ్ అనే ఉంది. మొదటిదానికి 900 రివ్యూలు, సగటు రేటింగ్ 4.5. రెండోదానికి 300 రివ్యూలు, సగటు 4.2. ఈ అంకెలు చర్చ కోసం మేము వేసుకున్నవే తప్ప ఏ కంపెనీకీ చెందినవి కావు. గణాంక శాస్త్రం బోధించే ప్రొఫెసర్ గారు, బ్యాటరీలను పరీక్షించే ఇంజనీరు గారు, ఆన్‌లైన్ అమ్మకందార్లకు సలహాదారుగా పనిచేసిన ఒక మిత్రుడు మనతో ఉన్నారు. ప్రొఫెసర్ గారూ, 4.5 ఉన్నదే మేలని అనుకోవచ్చా?

ప్రొఫెసర్: సగటును పక్కన పెట్టి, అది దేనితో తయారైందో చూడాలి. మొదటిదానికి అయిదు స్టార్లు ఇచ్చినవారు 82 శాతం, ఒక్క స్టార్ ఇచ్చినవారు 8 శాతం. మధ్యలో ఉన్నవారు చాలా కొద్దిమంది. రెండోదానికి అయిదు స్టార్లు 52 శాతం, నాలుగు స్టార్లు 28 శాతం, ఒక్క స్టార్ 4 శాతం మాత్రమే. అంటే సగటు ఎక్కువగా ఉన్న వస్తువు మీదే తీవ్రంగా అసంతృప్తి చెందినవారి వాటా రెట్టింపు ఉంది. మామూలుగానే బాగా మెచ్చినవారు, బాగా విసిగినవారే ఎక్కువగా రాయడానికి పూనుకుంటారు కాబట్టి ఏ వస్తువుకైనా రెండు కొసలూ కొంత బరువుగానే ఉంటాయి. అందువల్ల ఒక్కదాని పట్టికను చూసి అనుమానపడకూడదు. కానీ ఒకే రకం వస్తువులు రెండింటిని పక్కపక్కన పెట్టినప్పుడు కనిపించే ఇంత తేడాకు కారణం వెతకవలసిందే.

సమన్వయకర్త: ఆ 82 శాతంలో అమ్మకందారు డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు ఉండవచ్చా? ప్రతి దాని కిందా ‘వెరిఫైడ్ పర్చేజ్’ అనే ముద్ర ఉన్నప్పుడు కూడా అనుమానించాలా?

సలహాదారు: ఆ ముద్ర చెప్పేది ఒక్కటే, ఆ ఖాతా నుంచి ఆ వస్తువుకు డబ్బు చెల్లించారని. ఆ డబ్బు తరువాత ఎవరి చేతికి తిరిగి వచ్చిందో అది చెప్పదు. వ్యవహారం ఎలా నడుస్తుందంటే, సోషల్ మీడియా గ్రూపుల్లో దళారులు ఉంటారు. వారు చెప్పిన వస్తువును మీరు మీ డబ్బుతోనే కొంటారు, కొన్నాళ్లు ఆగి అయిదు స్టార్లతో రివ్యూ పెడతారు, దాని స్క్రీన్‌షాట్ పంపిస్తారు, అప్పుడు మొత్తం ధర మీకు వేరే దారిలో వాపసు వస్తుంది. కొనుగోలు నిజమే, చిరునామా నిజమే, మనిషీ నిజమే. అభిప్రాయం ఒక్కటే అమ్ముడుపోయింది. ఇంతకంటే మెత్తని రూపం పెట్టెలో పెట్టే కార్డు. రివ్యూ రాసి పంపితే కేబుల్ ఉచితం, వారంటీ పొడిగింపు అని దాని మీద ఉంటుంది. అలా రాసేవారు అబద్ధం చెప్పాలనుకోరు గానీ, మూడు ఇవ్వవలసిన చోట అయిదు ఇచ్చేస్తారు.

సమన్వయకర్త: అయితే భాషను బట్టి పట్టుకోవచ్చా? పొగడ్త మితిమీరితే అది నకిలీ అని చాలామంది నమ్మకం.

ప్రొఫెసర్: ఆ నమ్మకం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2011లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హోటళ్ల గురించి 400 నిజమైన రివ్యూలను, డబ్బిచ్చి రాయించిన 400 నకిలీ రివ్యూలను కలిపి, వాటిలో కొన్నిటిని మనుషుల చేత వేరు చేయించి చూశారు. ఫలితం బొమ్మా బొరుసూ వేసినదానికి పెద్దగా భిన్నంగా రాలేదు. నిజమైన వాటిలో గది ఎంత ఉంది, ఏది ఎక్కడ ఉంది వంటి వివరాలు ఎక్కువగానూ, నకిలీ వాటిలో అతిశయోక్తులూ ‘నేను, నా భర్త’ వంటి మాటలూ ఎక్కువగానూ ఉన్నట్లు కంప్యూటర్ లెక్కల్లో తేలింది. కానీ అది వందల రివ్యూల మీద కనిపించే మొగ్గు, ఒక్క రివ్యూ మీద తీర్పు చెప్పడానికి పనికిరాదు. ‘చాలా బాగుంది’ అని రెండు మాటలు రాసి వదిలేసేవారిలో ఎక్కువమంది నిజాయతీపరులే.

ఇంజనీరు: భాషను వదిలేసి వస్తువును పట్టుకుంటే మాత్రం కొన్ని చోట్ల గట్టి ఆధారం దొరుకుతుంది. పవర్ బ్యాంకు సంగతే చూడండి. 20,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్స్‌కు, అంటే సుమారు 3.7 వోల్టుల దగ్గర చెప్పే లెక్క. శక్తిగా మారిస్తే 74 వాట్-అవర్లు. 5,000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర దాదాపు 19 వాట్-అవర్లు తీసుకుంటుంది. వోల్టేజీని పెంచేటప్పుడు పవర్ బ్యాంకులోనూ, తిరిగి తగ్గించేటప్పుడు ఫోనులోనూ కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి, మంచి పవర్ బ్యాంకు అయినా అలాంటి ఫోనును సున్నా నుంచి మూడుసార్లకు కాస్త తక్కువగానే నింపుతుంది. ఇప్పుడు మొదటి వస్తువు కింద ‘నా 5,000 ఎంఏహెచ్ ఫోను సున్నా నుంచి నూరు శాతానికి నాలుగుసార్లు నిండింది, ఇంకా ఒక లైటు వెలుగుతూనే ఉంది’ అని ఉందనుకోండి. నాలుగుసార్లంటే 77 వాట్-అవర్లు. లోపల ఉన్న దానికంటే ఎక్కువ బయటికి వచ్చిందని రాశారన్నమాట! వాడి చూసినవారు ఆ మాట రాయలేరు; 20,000ను 5,000తో భాగించినవారే రాయగలరు.

సమన్వయకర్త: అదే లెక్క ఫిర్యాదులకూ వర్తిస్తుంది కదా?

ఇంజనీరు: తప్పకుండా. ‘నాలుగుసార్లు నిండాలి, రెండున్నర సార్లే నిండింది, మోసం’ అని ఒక్క స్టార్ ఇచ్చినవారు నిజమే చెబుతున్నారు, కానీ అది ఆ వస్తువు లోపం కాదు. ఆ ఫిర్యాదు రెండు వస్తువులకూ సమానంగా పడుతుంది కాబట్టి పోలికలో దానికి విలువ లేదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని 5 వోల్టుల దగ్గర 12,000 నుంచి 13,000 వరకు ఏదో అంకె ఇచ్చిన తయారీదారు నిజం చెప్పినట్లే. ఆ అంకె అసలే ఇవ్వనివారి మీదే నాకు అనుమానం.

సమన్వయకర్త: అలా అయితే ఒక్క స్టార్ రివ్యూలను ఎలా చదవాలి?

ఇంజనీరు: అన్నిటినీ చదివి మూడు కుప్పలుగా వేరు చేయాలి. మన ఉదాహరణలో మొదటిదానికి ఒక్క స్టార్ రివ్యూలు 72. వాటిలో 20 డెలివరీ ఆలస్యం గురించి, 14 ఇందాకటి కెపాసిటీ ఫిర్యాదులు, మిగిలిన 38 మాత్రం మూడు నాలుగు నెలల తరువాత ఒళ్లు ఉబ్బిందనో, ఛార్జ్ నిలవడం లేదనో చెబుతున్నాయనుకుందాము. రెండోదానికి మొత్తం 12. వాటిలో 5 డెలివరీవి, 4 కెపాసిటీవి, లోపాలను చెప్పేవి 3. ఉబ్బడం అంటే సెల్ లోపల వాయువు పుడుతోందని అర్థం. అది ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు, భద్రతకు సంబంధించినది.

ప్రొఫెసర్: 900లో 38 అంటే 4 శాతం పైమాట, 300లో 3 అంటే 1 శాతం. కొన్నవారిలో ఇంతమందికి పాడైందని మాత్రం అనకూడదు, ఎందుకంటే పాడైనవారే ఎక్కువగా రాస్తారు. అయితే ఆ మొగ్గు రెండు వస్తువుల మీదా దాదాపు ఒకేలా పనిచేస్తుంది కాబట్టి పోలిక నిలుస్తుంది. మూడు అన్నది చిన్న అంకె, అదృష్టం కొద్దీ తగ్గి ఉండవచ్చు. అసలు లెక్క 9 దాకా ఉన్నా అది 3 శాతమే, మొదటిదాన్ని దాటదు. ఇక తేదీలు. మొదటిదాని అయిదు స్టార్లలో 300 కేవలం 11 రోజుల్లో వచ్చాయనుకుందాము. వాటిని తీసేసి లెక్కిస్తే సగటు 4.5 నుంచి 4.3కు మాత్రమే దిగుతుంది, ఇప్పటికీ రెండోదానికంటే పైనే ఉంటుంది. కానీ ఒక్క స్టార్ వాటా 8 నుంచి 12 శాతానికి ఎక్కుతుంది. మోసాన్ని తీసేసినా సగటు పెద్దగా కదలదు. అందుకే నేను దాన్ని మొద్దు కొలత అంటాను.

సలహాదారు: ఇక్కడ ఒక మాట చేర్చాలి. 300 గుంపుగా వచ్చినంత మాత్రాన అవి కొన్నవే కానక్కరలేదు. తగ్గింపు అమ్మకం జరిగితే కొనుగోళ్లే గుంపుగా జరుగుతాయి. ఆ పక్షంలో మూడు నాలుగు స్టార్లు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. అయిదు మాత్రమే పెరిగాయంటే అప్పుడు అనుమానించాలి. అమ్మకందారు రివ్యూలు కొనడం ఆపేశాక ఏం జరుగుతుందో కూడా చూడవచ్చు. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కొనడం ఆగిన తరువాత అలాంటి వస్తువుల రేటింగ్ పడిపోయి, ఒక్క స్టార్ వాటా పెరిగినట్లు తేలింది.

సమన్వయకర్త: ఆ 38 కూడా పోటీదారు రాయించినవే అయితే?

సలహాదారు: అదీ జరుగుతుంది. నేను చూసినంతలో పోటీదారు రాయించిన ఫిర్యాదులు కొద్ది రోజుల్లోనే కుప్పగా పడతాయి, వచ్చిన రోజే చెడిపోయిందంటాయి, కొన్నిసార్లు ఫలానాది కొనుక్కోమని సలహా కూడా ఇస్తాయి. నిజంగా మూడు నాలుగు నెలలకు ఉబ్బే బ్యాటరీ అయితే, అమ్మకాలు పెరిగిన మూడు నాలుగు నెలలకు ఫిర్యాదులు పెరుగుతాయి. నెలల పొడవునా చెదిరి ఉంటాయి. ఫోటోల్లో అంచు దగ్గర అతుకు ఒకే చోట విడిపోయి కనిపిస్తుంది.

సమన్వయకర్త: అయితే రెండోదాన్ని కొనమంటారా?

ఇంజనీరు: ఒక్క షరతు మీద. రెండోదాని రివ్యూలను తేదీ వరుసలో పెట్టి అన్నిటికంటే పాతది ఎప్పటిదో చూడండి. అది రెండు నెలల నాటిదే అయితే ఈ పోలిక అంతా చెల్లదు, ఉబ్బడానికి ఇంకా దానికి వయసే రాలేదు. ఏడాది నాటివి ఉన్నాయంటే మాత్రం, మొదటి ఆరు నెలల్లో కొన్నవారు తరువాత తిరిగి వచ్చి చేర్చిన మాటలు చదవండి. అవి పదే ఉన్నా, వచ్చిన రోజున రాసిన నూటికంటే వాటికే నేను ఎక్కువ బరువు ఇస్తాను. ఇంకొకటి, ఆ పాత రివ్యూల్లోని ఫోటోలు ఇదే వస్తువువేనా అని చూసుకోండి. పాత మోడల్ పేజీలోనే కొత్త మోడల్‌ను పెట్టి అమ్మేవారు ఉన్నారు. పవర్ బ్యాంకు కింద కేబుల్ గురించి రాసిన పొగడ్తలు కనిపించాయంటే ఆ స్టార్లు వేరే వస్తువు సంపాదించుకున్నవి.