ఎక్కడ మొదలైందో రాసుకోండి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి చెబుతాను. కుటుంబాలతో కూర్చుని మాట్లాడే పని నాది. నేను చూసిన రెండు మూడు ఇళ్లను కలిపి, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఒకే ఇల్లుగా చెబుతున్నాను.

ఆ అబ్బాయి ఇంట్లో డబ్బులు తీస్తాడు. అబద్ధాలు చెబుతాడు. రాత్రిళ్లు చెప్పకుండా బయటికి వెళ్లిపోతాడు. తమ్ముణ్ణి కొడతాడు. ఇలాంటివి నెలల తరబడి పదే పదే జరుగుతుంటే వైద్యులు కాండక్ట్ డిజార్డర్ అంటారు. కానీ వాళ్లమ్మకు నిద్ర లేకుండా చేసింది ఇవేవీ కాదు. ఒకరోజు వీడు విసురుగా తలుపు వేశాడు. తమ్ముడి వేలు సందులో నలిగింది. వాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే వీడు ఒకసారి చూసి, మళ్లీ ఫోన్లో ఆటకు తల దించాడు. "తప్పు చేశానన్న భావమే ముఖంలో లేదండీ" అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది.

ఎదుటివారి బాధ తాకని ఈ స్వభావాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 నాటి తన మానసిక రుగ్మతల వర్గీకరణలో కాండక్ట్ డిజార్డర్‌కు తోడుగా విడిగా చేర్చింది. చూసేవి నాలుగు. చేసినదానికి బాధపడకపోవడం, ఇతరుల బాధ పట్టకపోవడం, చదువో పనో పాడైనా లెక్క లేకపోవడం, భావాలు పైపైనే ఉండడం. వీటిలో కనీసం రెండు, ఏడాది పాటు, ఒకచోటే కాకుండా వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల దగ్గర కనిపించాలి. ఏడాది పాటు అన్నది గుర్తుంచుకోండి. కోపంలో అన్న ఒక్క మాట పట్టుకుని ఏ పిల్లవాడికీ ఈ ముద్ర వేయకూడదు. తీవ్రమైన భయాలో దెబ్బలో అనుభవించి, లోపల వణుకుతూ పైకి బండరాయిలా కనిపించే పిల్లలూ ఉంటారు. నిద్ర ఎలా ఉంది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నాడా, ఎవరి చేతిలోనైనా దెబ్బలు తిన్నాడా అని ముందు అడగాలి. అలాంటి పిల్లవాడికి ముందుగా కావలసింది భద్రత.

మన అబ్బాయి దగ్గరికి వద్దాం. వాళ్ల నాన్న చేయాల్సిందంతా చేశాననే అనుకున్నాడు. ఫోన్ ఒకరోజు తీసుకున్నాడు, తర్వాత వారం, తర్వాత నెల. రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాడు. "తీసుకోండి, నాకేం" అన్నాడు అబ్బాయి. నాన్న దాన్ని పొగరు అనుకున్నాడు. నా ఉద్దేశంలో అందులో చాలావరకు పొగరు కాదు. ఈ స్వభావమున్న పిల్లల్లో చాలామందికి శిక్ష వస్తుందన్న హెచ్చరిక మిగతావాళ్లకు తగిలినంత గట్టిగా తగలదు. కానీ మంచి ఫలితం దొరుకుతుందంటే మిగతా పిల్లల్లాగే కదులుతారు. ఆస్ట్రేలియాలో హావ్స్, డాడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మగపిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి, 2005లో తాము చూసింది ప్రచురించారు. మెచ్చుకోలు, బహుమతి నేర్పిన భాగం ఈ పిల్లలకూ పనిచేసింది. కాసేపు విడిగా కూర్చోబెట్టే శిక్ష మాత్రం వీళ్లకు అంతగా పట్టలేదు. వాళ్లు చిన్నపిల్లలు, మనవాడు పద్నాలుగేళ్లవాడు. అయినా పెద్దపిల్లల ఇళ్లలో నేను చూసేదీ అదే. శిక్ష పెంచుకుంటూ పోతే, పెరిగేది శిక్ష ఒక్కటే.

ఆ ఇంటికి ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ అనే పద్ధతి మొదలైంది. మూడు నుంచి ఐదు నెలల్లో దాదాపు పన్నెండు సార్లు కుటుంబమంతా కలిసి కూర్చుంటారు. మొదటి సమావేశాల్లో నియమాల జోలికి వెళ్లరు. ఒకరినొకరు నిందించుకోవడం తగ్గించడమే అప్పటి పని. ఎందుకో చెబుతాను. ఈ పద్ధతిలో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, మధ్యలో మానేసిన కుటుంబాలను చూస్తే ఒక సంగతి బయటపడింది. థెరపిస్టుతో తల్లిదండ్రులకు ఎంత చనువు, పిల్లవాడికి ఎంత చనువు అని విడివిడిగా లెక్కేస్తే పెద్దగా తెలియలేదు. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉందన్నదే మానేసేవాళ్లను పట్టించింది. నాన్నతో థెరపిస్టు బాగా కలిసిపోయి, పిల్లవాడు మూల కూర్చుంటే, ఆ కుటుంబం జారిపోతున్నట్టే.

ఆ తర్వాత ఇంట్లో మూడే మార్పులు చేశారు. తమ్ముడి మీద చెయ్యి పడని సాయంత్రానికి ఆ సాయంత్రమే అరగంట ఎక్కువ ఆట. వారం చివర కాదు, ఆ సాయంత్రమే. ఎందుకిస్తున్నారో పేరు పెట్టి చెప్పాలి, "తమ్ముడు నీ వస్తువు తీసినా కొట్టలేదురా, అందుకు" అని. తప్పు చేస్తే ఫోన్ గంటసేపు పోతుంది, నెల కాదు, ఉపన్యాసం ఉండదు. మూడోది నాన్నకు కష్టమైంది. రోజూ పది నిమిషాలు వాడికి ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ, తప్పుల ఊసెత్తకుండా మాట్లాడాలి. దీనికో కారణముంది. ఈ స్వభావమున్న పిల్లలు ఎదుటివారి ముఖంలో భయాన్ని సరిగా పోల్చుకోలేరు. కళ్ల వైపు చూడమని చెప్పినప్పుడు బాగానే పోల్చుకున్నారని డాడ్స్ బృందం 2006లో చూపింది. అందుకే చిన్నపిల్లల శిక్షణల్లో ఈ ఆత్మీయతా, చూపూ ఇప్పుడు కలుపుతున్నారు. పది నిమిషాలతో స్వభావం మారిపోతుందని నేననను.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఎక్కడ మొదలైందో రాసుకోండి. మొదటి రెండు వారాలు వాళ్లమ్మ నోట్‌బుక్‌లో గీతలు పెట్టింది. కొట్టడం, డబ్బు పోవడం, చెప్పకుండా వెళ్లడం, అన్నీ కలిపి వారానికి పన్నెండు. నాలుగు నెలలకు ఏడు. నాన్న నిట్టూర్చాడు. "ఇంకా ఏడా? ఇంత చేసీ?" ఆ రోజుల్లోనే అదే పద్ధతిలో ఇంకో అబ్బాయి ఏడు దగ్గర మొదలై రెండుకు వచ్చాడు. వాడి ఇంట్లో సంబరం. లెక్క చూడండి. ఇద్దరూ ఐదే దిగారు. ఒకడు ముగించిన ఏడు, ఇంకొకడు మొదలుపెట్టిన ఏడు!

2023లో ఇలాంటి చికిత్సల పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది దాదాపు ఇదే. ఈ స్వభావమున్న పిల్లలు ఎక్కువ తీవ్రతతో మొదలవుతారు, సగటున మిగతావాళ్లంతే దిగుతారు, ముగిసేటప్పుడూ కొంచెం పైనే ఉంటారు. అన్ని పరిశోధనలూ ఒకేలా లేవు. 2013లో నెదర్లాండ్స్‌లో పెద్దపిల్లల మీద, ఇంటితో పాటు బడి, స్నేహితుల వైపు నుంచి కూడా పనిచేసే మల్టీసిస్టమిక్ థెరపీతో చేసిన అధ్యయనంలో, ఈ స్వభావం ఎక్కువున్నవాళ్లకు మేలు తక్కువగా కనిపించింది. కాబట్టి అందరికీ పనిచేస్తుందన్న హామీ నేనివ్వను. కానీ చివరి అంకె ఒక్కటే చూసి పనిచేయలేదనుకుంటే, పనిచేస్తున్నదాన్ని మధ్యలో ఆపేస్తాం. ఎక్కడ మొదలైంది, ఎంత దిగింది, ఇంకా ఎంత మిగిలింది, ఈ మూడూ అడగాలి. మిగిలింది ఎక్కువైతే సమావేశాలు ఇంకొన్ని కావాలి.

ఆ ఇంట్లో అలాగే చేశారు. ఇంకో రెండు నెలలు కొనసాగించారు. గీతలు నాలుగుకు దిగాయి, ఒక వారం మళ్లీ ఎనిమిదికి ఎగిశాయి, తిరిగి ఐదయ్యాయి. ఆ ఎనిమిది వచ్చిన వారం నాన్న నెల శిక్ష వైపు వెళ్లబోయి, నోట్‌బుక్ మొదటి పేజీ తిప్పి పన్నెండు చూశాడట. గంటసేపే ఫోన్ తీసుకుని, మళ్లీ తిరిగిచ్చాడు.