సీజన్ సమీక్షకు నలభై నిమిషాలు: ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌పై ఒక పాడ్‌కాస్ట్ ప్రణాళిక

మిత్రులారా, 2022లో ఆరు జట్లతో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2025 నాటికి ఏడు జట్లదైంది. ఆ ఏడాది ఆగస్టులో పోటీలు విశాఖపట్నంలో జరిగాయి. ఫైనల్లో అమరావతి రాయల్స్‌ను ఓడించి తుంగభద్ర వారియర్స్ విజేతగా నిలిచింది. ఈ సీజన్‌ను నలభై నిమిషాల ఎపిసోడ్‌లో సమీక్షించాలంటే, ఫలితం చెప్పడానికి రెండు నిమిషాలు చాలునని నా అభిప్రాయం. విజేత ఎవరో శ్రోతకు ముందే తెలుసు.

ఆ తరువాతి పద్నాలుగు నిమిషాలు పాయింట్ల పట్టికకు కేటాయించి, అందుకు అతిథిగా స్కోరర్‌ను పిలవాలి. సాధారణంగా మొదట కెప్టెన్‌కే ఫోన్ చేస్తాం గాని, ప్రతి బంతినీ నమోదు చేసినవాడు పట్టికలోని మలుపులను అంతకన్నా స్పష్టంగా చెప్పగలడు. ఆయనతో ఒక లెక్క చేయించండి. ఒక జట్టు పదహారు ఓవర్లలో 120 పరుగులకు ఆలౌటైందని, ప్రత్యర్థి 15 ఓవర్లలో 121 కొట్టిందని అనుకుందాం. ఆలౌటైన జట్టుకు పూర్తి కోటా ఇరవై ఓవర్లనే లెక్కిస్తారు కాబట్టి దాని రన్‌రేట్ 7.5 కాదు, 6. ప్రత్యర్థిది 8.07. అంటే ఆ ఒక్క మ్యాచ్‌లో నెట్ రన్‌రేట్ మైనస్ 2.07 అవుతుంది. పదహారు ఓవర్లతో భాగిస్తే మైనస్ 0.57 మాత్రమే వచ్చి, పట్టిక తప్పుడు కథ చెబుతుంది. ఎవరైనా తప్పు లెక్క చదివితే తెలిసిపోయే గుర్తు ఇదే.

తరువాత పది నిమిషాలు పిచ్ సంరక్షకుడివి. ఆగస్టులో నైరుతి రుతుపవనాలు ఉంటాయి. వర్షం పడితే పిచ్ కవర్ల కింద ఎంతసేపు ఉంది, తేమ ఎవరికి అనుకూలించింది, టాస్ గెలిచినవారు ఏం ఎంచుకున్నారు అని అడగాలి. ఇరవై ఓవర్ల ఆటలో రెండో జట్టు కనీసం ఐదు ఓవర్లైనా ఆడలేకపోతే, అంతలోపే ఆట ముగిస్తే తప్ప, ఫలితం తేలదు. అలా తేలని మ్యాచ్ నెట్ రన్‌రేట్ లెక్కలోకి రాదు. కనుక ఈ భాగం ముందరి లెక్కకు కొనసాగింపే అవుతుంది. భీమవరం పేరున్న జట్టు విశాఖలో ఆడినప్పుడు సొంత మైదానం మాటకు అర్థం లేదనే సంగతినీ ఇక్కడే తేల్చవచ్చు.

కెప్టెన్‌కు ఎనిమిది నిమిషాలు చాలు. ఒకే ఒక్క మ్యాచ్‌ను తీసుకుని, ఏ ఓవర్‌ను ఎవరికి ఎందుకిచ్చారని మాత్రమే అడగండి. "సీజన్ ఎలా సాగింది?" అని అడిగితే జట్టంతా బాగా ఆడిందనే జవాబు వస్తుంది, ఆయన తప్పేమీ లేదు. మిగిలిన ఆరు నిమిషాలూ వచ్చే సీజన్‌లో గమనించాల్సిన యువ ఆటగాళ్లకు ఇవ్వండి.

రికార్డింగ్‌లో సమయం మించిపోతే కెప్టెన్ మాటల్లోంచి కత్తిరించండి గాని, స్కోరర్ లెక్కలోంచి కాదు.