మిగిలిన ఇడ్లీ పిండితో పునుగులు: ఏ స్పూనుతో వేస్తే కరకరలాడతాయి?

నమస్తే అండీ! బెజవాడలో సాయంత్రమైతే పునుగుల బండి దగ్గర జనం ఎలా మూగుతారో మీకు తెలుసు. ఆ పునుగు పైన కరకర, లోపల మెత్తన. అదే మనం ఇంట్లో మిగిలిన ఇడ్లీ పిండితో వేస్తే నూనె ఓడుతూ వస్తాయి, లేదంటే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటాయి. అందుకే ఈరోజు రివ్యూ వంటకానికి కాదు, స్పూనుకి. పిండి ఒకటే, బాండీ ఒకటే. టేబుల్ స్పూనుతో ఒక వాయి, టీ స్పూనుతో ఒక వాయి, బండివాళ్లలా చేత్తో ఒక వాయి వేసి చూద్దాం.

ముందు పిండి సంగతి. ఇది ఫ్రిజ్‌లో 2 రోజులున్న ఇడ్లీ పిండి, 2 కప్పులు. గంట ముందే బయట పెట్టాను, ఎందుకంటే చల్లటి పిండి పడితే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది. ఇడ్లీ పిండిని ఉన్నది ఉన్నట్టు నూనెలో వేస్తే పట్టు ఉండదు, పరుచుకుపోయి నూనె తాగేస్తుంది. కాబట్టి 3 టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి, 1 టేబుల్ స్పూను మైదా కలిపి ఓ పది నిమిషాలు వదిలేశాను. బియ్యప్పిండి కరకర కోసం, మైదా పట్టు కోసం. బాగుంది కదా అని బియ్యప్పిండి ఎక్కువ వేయకండి, చల్లారాక గట్టిపడతాయి. సోడా అసలు వద్దు. పిండి ఎలాగూ పులిసే ఉంది, సోడా కూడా పడితే నూనె మరింత పీలుస్తుంది. జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి ముందే కలిపేయొచ్చు. ఉల్లిపాయ ముక్కలు మాత్రం బాండీ పెట్టాకే కలపాలి. ఉప్పు తగలగానే అవి నీరు వదిలి పిండిని పల్చన చేస్తాయి.

చిన్నా, కెమెరా ఇటు దగ్గరికి తీసుకురా. స్పూను వంచాను, చూడండి. పిండి ధారగా కారడం లేదు, ఒక్క ముద్దగా జారి పడింది. ఇంతే గట్టిగా ఉండాలి.

ఇక నూనె. బాండీలో రెండంగుళాల లోతున్నా చాలు, పునుగు అడుగు తగలకుండా తేలాలి, అంతే. థర్మామీటర్ ఉన్నవాళ్లకి 170 నుంచి 180 డిగ్రీల మధ్య. లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. అది అడుగునే కూర్చుంటే నూనె కాగలేదు. వేసీ వేయగానే రంగు మారితే బాగా ఎక్కువైంది, మంట తగ్గించండి. కిందకి వెళ్లి, చుట్టూ బుడగలతో వెంటనే పైకి లేచి, తెల్లగానే తేలిందా, ఇక మొదలుపెట్టేయండి.

మొదటి వాయి టేబుల్ స్పూను. నిండా తీసుకుంటే పునుగు చిన్న బోండా అంత వచ్చింది. రంగు బ్రహ్మాండం. విరిస్తే... చూశారా, మధ్యలో తడిగా, వేలికి అంటుకుంటోంది. మంట తగ్గించి ఎక్కువసేపు ఉంచితే లోపల ఉడుకుతుంది, నిజమే, కానీ ఆ టైమంతా నూనె తాగుతూనే ఉంటుంది. ఇది ఫెయిల్.

రెండోది టీ స్పూను. స్పూనుని నీళ్లలో ముంచి, గట్టిగా విదిలించి, అప్పుడు పిండి తీసుకోండి. పిండి సులువుగా జారుతుంది. విదిలించడం మర్చిపోతే నీటి చుక్క నూనెలో పడి చిటపటలాడి మీదకి చిందుతుంది, జాగ్రత్త. బాండీలో ఖాళీ కనిపించేలా వేయాలి. కిక్కిరిసి వేస్తే నూనె చల్లబడి మళ్లీ మొదటికే వస్తాం. వేశాక కాసేపు కదపకండి, పైన కాస్త గట్టిపడ్డాక జల్లి గరిటెతో తిప్పుతూ ఉండండి. ఇప్పుడు ఒక్కసారి చెవి పెట్టండి. వేసినప్పుడు ఉన్న గోల తగ్గింది, బుడగలూ పల్చబడ్డాయి. లోపలి తడి చాలావరకు పోయిందన్నమాట. రంగు లేత బంగారంలా ఉండగానే తీసేయండి, బయటికొచ్చాక ఇంకో ఛాయ ముదురుతుంది. విరుస్తున్నాను... ఆ చప్పుడు విన్నారా? పైన పల్చటి పెచ్చు, లోపల చిన్న చిన్న గదులతో మెత్తగా, ఎక్కడా పచ్చి లేదు. దీనికి పదికి తొమ్మిది.

మూడోది చెయ్యి. తడి వేళ్లతో పిండి తీసి బొటనవేలితో తోయడం. సైజు టీ స్పూనంతే, కానీ అంచుల్లో చిన్న చిన్న తోకలొచ్చాయి. ఆ తోకలే అన్నిటికంటే ముందు వేగి కరకరలాడుతున్నాయి. నా మనసు దీనికే పది ఇస్తోంది! కాకపోతే కాగే నూనె మీద చెయ్యి పెట్టడం అలవాటు లేనివాళ్లు టీ స్పూనుకే ఫిక్స్ అయిపోండి.

తీసినవి గిన్నెలో పోసి మూత మాత్రం పెట్టకండి, ఆవిరికి పది నిమిషాల్లో మెత్తబడిపోతాయి. జల్లెడలో వెడల్పుగా పరిచి, పల్లీ చట్నీ ముందే రుబ్బి పెట్టుకోండి. మా ఇంట్లో అయితే చట్నీ వచ్చేలోపే సగం వాయి ఖాళీ.